అల్లుడు గారి ఫిల్టర్లు

మా హాస్పిటల్ మెయిల్‌లో ఎవరు పెట్టిన ఫిల్టరైనా తీసేయొచ్చు గానీ, అల్లుడు గారివి మాత్రం ముట్టకూడదు. ఈ మాట నాకు ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. డాక్టర్ల పేర్లు చెప్పకముందే చెప్పారు. ఎవరీ అల్లుడు గారు, ఆయన ఫిల్టర్లకు ఇంత మర్యాదేమిటి అని నేను అడగలేదు. కొత్త ఉద్యోగం కదా, నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. ఆ రోజు ఎలా మూసుకున్నానో నాకే ఆశ్చర్యం.

నా పేరు వనిత. మాది మందమర్రి. బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు, నేను బాయి కాలనీలో పెరిగాను. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఇన్సూరెన్స్ డెస్క్ చూస్తున్నాను. పేషెంటు చేరేటప్పుడు కాగితాలు ఇన్సూరెన్స్ వాళ్ళకు మెయిల్ చేయాలి. వాళ్ళు సరే అంటే ఆపరేషన్. ఇంటికి పోయే రోజు చివరి బిల్లు పంపాలి. వాళ్ళు మళ్ళీ సరే అంటే గేటు పాసు. ఆ రెండో సరే వచ్చేదాకా, డాక్టరు పొమ్మన్న మనిషి కూడా గేటు దాటడానికి లేదు. పొద్దున పొమ్మంటే సాయంత్రం దాకా సంచులు ముందు పెట్టుకొని కూర్చుంటారు. వాళ్ళ తిట్లన్నీ నాకే.

ఇన్ని మెయిళ్ళు ఒకే డబ్బాలో పడితే మనిషి తట్టుకోలేడు కాబట్టి ఫిల్టర్లు పెడతారు. ఫిల్టరంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కు 'ఫలానా బండి వస్తే ఇటు పంపు, ఫలానా బండి వస్తే బయటనుంచి బయటకే పంపు' అని చెప్పి పెట్టడం లాంటిది. చెప్పినాయన మరిచిపోతాడు. వాచ్‌మన్ మరిచిపోడు. ఆ బండి ఓనరు మారినా, ఆ బండిలో పేషెంటే ఉన్నా, చెప్పిన మాట చెప్పినట్టే చేస్తాడు. అందుకే మూడు నెలలకోసారి ఫిల్టర్ల జాబితా తెరిచి, ఒక్కొక్కటీ చూసి, పనికిరానివి తీసేస్తాను. మూతబడ్డ ఇన్సూరెన్స్ ఏజెన్సీల పేర్లతో కొన్ని ఉంటాయి. నాకంటే ముందు పనిచేసిన హరీష్ ఎప్పుడో మానేశాడు, అతనికి కాపీలు పంపే ఫిల్టరొకటి నేను వచ్చేదాకా బతికే ఉంది.

పోయినసారి ఈ పని చేసేటప్పుడు మా మేనేజర్ విద్యాధర్ సారు పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆయన పెద్ద డాక్టరు లక్ష్మణ్‌రావు గారికి చిన్నాయన కొడుకు. అల్లుడు గారంటే ఆ పెద్ద డాక్టరు గారి అల్లుడు విక్రాంత్. మనిషి చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఎవరికి భయపడాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

"సార్, గిది చూడున్రి," అన్నాను. "గీ ఇన్సూరెన్స్ కంపెనీ అడ్రసు నుంచి ఏది వచ్చినా సక్కగ ట్రాష్‌ల పడేయమని ఉన్నది. తీసేస్తున్న."

ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చూశాడు. "గది విక్రాంత్ బాబు పెట్టింది గదా. వద్దు."

"ఎందుకు పెట్టిన్రో తెలుసా సార్?"

"అప్పట్ల వాళ్ళు దినాం ఒకటే అడ్వటైజ్‌మెంట్లు పంపుతుండె. పండుగ శుభాకాంక్షలు, యోగా చేయున్రి, నీళ్ళు తాగున్రి. బాబుకు చిరాకేసింది."

"అప్రూవల్స్?"

"అవి ఆ కంపెనీ నుంచి రావు వనితా. నడుమ ఏజెన్సీ పంపుతది, నీకు తెల్వదా? ఏజెన్సీది వేరే అడ్రసు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవు?"

"ఇయ్యాల నడుస్తున్నది సార్. రేపు వాళ్ళు పద్ధతి మారిస్తే? ఒక్క ఆడ్‌ను ఆపనీకి మొత్తం అడ్రసునే చెత్తల పోస్తమా?"

ఆయన లోగొంతుకతో చెప్పాడు. నాకంటే ముందు ఒకమ్మాయి విక్రాంత్ గారి ఫిల్టరొకటి తీసేసిందట. ఆయనకు రోజూ వెళ్ళే రిపోర్టు ఆగిపోయింది. ఆ ఆదివారం అత్తగారింట్లో బోనాల విందు. చుట్టాలందరి ముందు, అన్నంలో చెయ్యి పెట్టకుండానే, 'నేను పెట్టిన ఏర్పాట్లు కూడా మీకు బరువైనయా మామా' అన్నాడట అల్లుడు. పెద్ద డాక్టరు గారి మొహం మాడిపోయింది. కూతురు స్నిగ్ధమ్మ ఏడ్చుకుంటూ లోపలికి పోయిందట. ఆ తెల్లారే ఆ పిల్ల ఉద్యోగం పోయింది. అప్పటినుంచి ఇదీ కట్టుబాటు.

"మెయిల్ల గురించి అన్నం మీద అలిగిండా?" అన్నాను.

"నువ్వు నవ్వకు. దీన్ని వదిలెయ్, తక్కినయి చూస్కో."

వదిలేశాను. నాకు ఒళ్ళు మండింది, అయినా వదిలేశాను. ఆ ఫిల్టరు జాబితాలో అట్లాగే కూర్చుంది.

ఆ తర్వాత నెల మారింది. మంగళవారం పొద్దున గట్టయ్య కాకా డిశ్చార్జి.

కాకా అని ఊరికే అనడం లేదు. ఆయనదీ మందమర్రే. మా బాపుకు తెలిసిన మనిషి, బాయిలో ఒకే షిఫ్టు. పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అయింది. కొడుకు పనిచేసే కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి మా దగ్గర చేరాడు. చేరేటప్పుడు మొదటి సరే ఏజెన్సీ నుంచి సక్కగానే వచ్చింది. కుట్లు బాగున్నాయి, పోవచ్చు అని డాక్టరు రౌండ్స్‌లో చెప్పేసరికి, భార్య సారక్క చిన్నమ్మ బట్టలన్నీ సర్దేసి, ఆయనకు తెల్ల చొక్కా తొడిగేసి, నా ఎదురుగా ఉన్న కుర్చీల్లో తెచ్చి కూర్చోబెట్టింది.

నేను చివరి బిల్లు ఏజెన్సీకి మెయిల్ చేశాను. "జర సేపు కూసో కాకా, వస్తది," అన్నాను.

"జల్ది చూడు బిడ్డా," అన్నాడు. "అవ్వకు మంచిగ లేదట."

అవ్వంటే వాళ్ళ అమ్మ లస్మవ్వ, మందమర్రిలోనే ఉంది. ముసలామె, చాలా పెద్ద వయసు. ముందురోజు నుంచి గంజి మింగడం లేదు, చెల్లెలు గంగుబాయి ఫోన్ చేసింది. మాట్లాడినప్పుడల్లా ఒకటే అడుగుతోందట, గట్టయ్య వచ్చిండా అని. ఈయన ఒక్కడే కొడుకు. హాస్పిటల్లో ఉన్నాడని ముసలామెకు చెప్పలేదు, షిఫ్టుకు పోయిండని చెప్పారట. రిటైరై ఎన్నేళ్ళయినా ఆమెకు ఆయన ఇంకా షిఫ్టుకే పోతున్నాడు.

మెయిల్ రాలేదు.

ఏజెన్సీకి ఫోన్ చేశాను. పాట వినిపించారు, ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు. చివరికి ఒకబ్బాయి దొరికాడు. "మేం పొద్దున్నే కంపెనీకి పంపేశాం మేడమ్," అన్నాడు. వాళ్ళ వెబ్‌సైట్‌లో చూస్తే 'పరిశీలనలో ఉంది' అనే కనిపిస్తోంది. మళ్ళీ కుర్చీల వైపు చూడబుద్ధి కాలేదు. చూశాను. కాకా లేచి నిలబడ్డాడు, నేను పిలుస్తాననుకొని. నేను తల అడ్డంగా ఊపాను. కూర్చున్నాడు.

కొంచెం సేపటికి ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు, చెవి సరిగా వినబడదు. గంగుబాయి గొంతు హాలంతా వినిపించింది. "అన్నా, కండ్లు తెరుస్తలేదే. నీ పేరే అంటున్నది. ఎక్కడున్నవే?"

"బస్సెక్కుతున్న చెల్లె," అన్నాడు కాకా. కుర్చీలో కూర్చొనే అన్నాడు.

సారక్క చిన్నమ్మ నా డెస్క్ దగ్గరికి వచ్చింది. "బిడ్డా, ఒక్క సంతకం పెట్టి పోతం. కాగితం ఎన్క వస్తది గదా. మేం ఏడికి పారిపోతం? మందమర్రోళ్ళమే గదా, మీ బాపునడుగు."

ఆమె అడిగింది తప్పు కాదు. నేను విద్యాధర్ సారు గదికి పోయాను. హామీ రాయించుకొని పంపుదాం, వాళ్ళ పూచీ నాది అన్నాను. ఆయన పాపం అనే మొహం పెట్టాడు. "మొత్తం బిల్లు కట్టి పోతనంటే ఇప్పుడే పాసిస్త. లేకపోతే అప్రూవల్ రావాలె. ఒకలకు ఇస్తే అందరూ అడుగుతరు వనితా." మొత్తం కట్టేంత వాళ్ళ దగ్గర ఉంటే ఇన్సూరెన్స్ కుర్చీల్లో ఎందుకు కూర్చుంటారు? ఆ మాట పైకే అన్నాను. ఆయన విననట్టు ఫోన్ తీసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి కాకా గేటు దాకా పోయి వచ్చాడట. సెక్యూరిటీ మల్లేష్ పాసు చూపించమన్నాడు. మల్లేష్ తప్పేం లేదు, పాసు లేకుండా ఒకరిని వదిలితే వాడి జీతంలో కోస్తారు. కాకా పొట్ట పట్టుకొని మెల్లగా వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

"బాయిల ఒకసారి కప్పు కూలి మేం నలుగురం లోపల ఇరికినం బిడ్డా," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "గప్పుడు అవుతల నుంచి తవ్వుతున్న చప్పుడు ఇనవడేది. ఎవరో వస్తున్నరని ధైర్యముండె. గీడ ఏం ఇనవడ్తలేదు."

ఏం చెప్పను? నేనే తవ్వుతున్నాను, ఎటు తవ్వాలో తెలియడం లేదు.

మళ్ళీ ఏజెన్సీకి చేశాను. ఈసారి ఒకామె దొరికింది, కాస్త తెలివైనది. "మేడమ్, ఈ నెల నుంచి పద్ధతి మారింది. ఫైనల్ అప్రూవల్స్ మేం పంపడం లేదు. ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కు మెయిల్ చేస్తుంది. మీకు సర్క్యులర్ వచ్చి ఉండాలి."

ఏ సర్క్యులరూ రాలేదన్నాను. కంపెనీ నంబరు తీసుకొని అక్కడికి చేశాను. అక్కడ ఒకాయన కేసు నంబరు చూసి, చాలా మర్యాదగా, "అప్రూవ్ అయింది మేడమ్, పొద్దున్నే మీకు పంపించాం," అన్నాడు.

ఇన్‌బాక్స్‌లో లేదు. కేసు నంబరు కొట్టి వెతికాను. లేదు. గట్టయ్య అని, మందమర్రి అని వెతికాను. లేదు. స్పామ్‌లో చూశాను, అక్కడా లేదు. "మళ్ళీ ఒకసారి పంపండి సార్, మనిషి ఇక్కడ ఆగిపోయాడు," అన్నాను. "పంపేశాను మేడమ్, ఇప్పుడే," అన్నాడు. ఫోన్ పట్టుకొనే చూశాను. రాలేదు. ఏ అడ్రసు నుంచి పంపారు సార్ అని అడిగాను.

ఆయన చెప్పాడు. నేను రాసుకోలేదు. రాసుకోవాల్సిన పని లేదు. జాబితాలో దాన్ని నా కళ్ళతో చూశాను, నా వేలితో చూపించాను.

చెత్తబుట్టలో పడ్డ మెయిల్ మామూలు వెతుకులాటలో దొరకదు. ట్రాష్ విడిగా తెరిచి చూడాలి. తెరిచాను. పైన ఇప్పుడే పంపిన మెయిల్. దాని కింద పొద్దుటిది, నేను మొదటిసారి కాకాను జర సేపు కూసోమన్నాక కాసేపటికే వచ్చింది. ఇంకా కిందికి జరిపితే సర్క్యులర్. 'వచ్చే నెల నుంచి అప్రూవల్స్ ఈ చిరునామా నుంచే వస్తాయి, దయచేసి గమనించండి.' ఆ గమనించమన్న మెయిల్ కూడా అదే ఫిల్టరు దెబ్బకు ఇక్కడే పడింది.

ప్రింటు ఇచ్చి, కాగితం పట్టుకొని సారు గదికి పరుగెత్తాను. ఆయన చదివాడు. మెల్లగా అర్థమైంది.

"విక్రాంత్ బాబుది," అన్నాడు.

"అవును సార్. పాసు మీద సంతకం పెట్టున్రి."

వెంటనే పెట్టాడు, కాదనను. పెట్టి, కాగితం నా చేతికిస్తూ, "ఇప్పుడే వచ్చిందని చెప్పు," అన్నాడు. "పొద్దున వచ్చిందని తెలిస్తే లొల్లి అయితది. మనకెందుకు. ఆ ఫిల్టరు సంగతి నేను రాత్రి బాబును మెల్లగ అడుగుత. అప్పటిదాక ముట్టకు."

"అప్పటిదాక వచ్చే అప్రూవల్స్ సార్?"

"నువ్వు ట్రాష్‌ల చూసుకుంట ఉండు."

ఇక ఆయనతో మాట్లాడి లాభం లేదు. బయటికి వచ్చాను. తలుపు తీస్తుండగానే సారక్క చిన్నమ్మ ఏడుపు వినిపించింది. నోట్లో కొంగు కుక్కుకొని ఏడుస్తోంది. కాకా ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, అవతల గంగుబాయి రాగం తీస్తోంది, స్పీకర్ ఆపడం ఆయనకు చేతకావడం లేదు. నేనే తీసుకొని ఆపాను.

లస్మవ్వ పోయింది. కొడుకు షిఫ్టు దిగి రాలేదని అనుకుంటూనే పోయింది.

నేను పాసు ఆయన చేతిలో పెట్టాను. నా వెనకాలే విద్యాధర్ సారు వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడే వచ్చింది పెద్దమనిషి, అప్రూవల్," అన్నాడు. "పోవచ్చు మీరు. మా హాస్పిటల్ బండే ఇస్త, మందమర్రి దాక దించొస్తది."

కాకా ఆయన వైపు చూడలేదు. నన్నే చూశాడు. "ఎప్పుడొచ్చింది బిడ్డా?"

"పొద్దుగాలనే వచ్చింది కాకా," అన్నాను.

సారు నా మోచెయ్యి పట్టుకొని నొక్కాడు. నొక్కనీ అనుకున్నాను. ఈ మనిషి మా బాపుతో బాయిలోకి దిగినవాడు. ఈ మనిషికి అబద్ధం చెప్పి నేను మా కాలనీలో ఏ మొహంతో తిరగను?

"పొద్దుగాలనా?" అన్నాడు. "మరి గింతసేపు ఏడున్నది?"

"చెత్తబుట్టల పడ్డది. ఆ కంపెనీ నుంచి ఏది వచ్చినా చెత్తల పడేయమని మిషిన్‌ల ఒక పాత రూలు ఉన్నది కాకా. తీసేద్దామని నేనడిగిన. తీయనియ్యలే."

సారక్క చిన్నమ్మ సంచులు ఎత్తుకుంది. "లే, పోదాం. బండి ఉన్నదంటున్రు గదా," అంటూ భుజం కింద చెయ్యి వేసింది. కాకా లేవలేదు. హాల్లో చుట్టూ చూశాడు. పక్క వరుసలో ఇంకొకామె కూర్చుంది, ఒడిలో నెల పిల్ల. ఆమె పక్కన మూటలు, ఫ్లాస్కు. పొద్దుటి నుంచి వాళ్ళదీ ఇదే కథ.

"ఆ బిడ్డది ఏ ఇన్సూరెన్సు?" అని అడిగాడు.

నేను చూశాను. అదే కంపెనీ.

"ఆమె కాగితం గూడ చెత్తలనే పడుతదా?"

"పడుతది కాకా."

"ఆ రూలు తీసేసినవా?"

"ఇంకా తీయలే." నాకు సిగ్గేసింది. "అడగాలె."

"ఎవల్ని?"

విద్యాధర్ సారు ముందుకొచ్చాడు. "మేం చూసుకుంటం పెద్దమనిషీ. దానికి ఒక పద్ధతి ఉంటది. మా అల్లుడు గారిని ఒక మాట అడిగి, రేపటికల్లా సరిచేస్తం. మీరు పోయి కానిచ్చుకోన్రి, ఇంటికాడ ఎదురు చూస్తుంటరు."

"ఎవలు ఎదురు చూస్తుంటరు?" అన్నాడు కాకా.

గొంతు పెంచలేదు. కోపంగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. చిన్నమ్మ సంచులు కింద పెట్టేసింది.

కాకా పాసును మడిచి తెల్ల చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొట్ట మీద చెయ్యి వేసుకొని, కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగి సర్దుకొని కూర్చున్నాడు. "పొద్దుగాల నుంచి నాకు తొందరుండె," అన్నాడు. "ఇప్పుడు లేదు. ఆ రూలు తీసేదాక గీడనే కూసుంట. నువ్వు తీయ్ బిడ్డా."

నేను సారు వైపు చూడలేదు. నా కుర్చీలో కూర్చొని జాబితా తెరిచాను.